కార్తీకంలో నడకతో మొదలుపెట్టి, సంక్రాంతికి తాళంచెవి అందుకోవాలంటే: అపార్ట్‌మెంట్లలో కుక్కల్ని చూసుకునే పని

భీమవరంలో జువ్వలపాలెం రోడ్డు, ఉండి రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ప్రతి బ్లాకులోనూ ఒకటో రెండో కుక్కలు కనబడుతున్నాయి. పల్లెలో పెద్ద వాకిలి ఉన్న ఇంట్లో కుక్కని ఎవరూ ప్రత్యేకంగా తిప్పక్కర్లేదు. అది దాని మానాన తిరిగొస్తుంది. మూడో అంతస్తులో ఉండే లాబ్రడార్‌కి ఆ వీలు లేదు, పొద్దున్నా సాయంత్రం ఎవరో ఒకరు దించాలి. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకెళ్తే ఆ ఎవరో ఒకరు దొరకరు. ఇదొక పని.

అసలు కష్టం సంక్రాంతికి వస్తుంది. పట్నంలో ఉన్నవాళ్ళంతా ఊళ్ళకి బయల్దేరతారు. కుక్కని వెంట తీసుకెళ్దామంటే అక్కడ పెరట్లో పందేనికి మేపిన పుంజులుంటాయి. వేలు పోసి, బాదంపప్పు పెట్టి పెంచిన పుంజు మీదకి మన లాబ్రడార్ ఆడుకుందామని దూకిందంటే పండగ అక్కడితో సరి. అందుకే "ఆ నాలుగు రోజులూ ఎవరైనా చూస్తే బావుణ్ణండి" అనే మాట డిసెంబరులో ప్రతి బ్లాకులోనూ వినబడుతుంది. డిసెంబరులో పరిచయమైన మనిషికి మాత్రం ఎవరూ ఇంటి తాళం ఇవ్వరు. కాబట్టి సంక్రాంతి పని కావాలనుకునేవాళ్ళు కార్తీకమాసంలోనే నడకతో మొదలుపెట్టాలి. ఈ రెండు నెలల్లో ఏ రోజు ఏం చేయాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. మా ఎదురు బ్లాకులో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న అబ్బాయి ఈ పని పద్ధతిగా చేస్తున్నాడు. లెక్కలు, మాటలు చాలావరకు అతని దగ్గర చూసినవే. అతను చూసుకునే కుక్క బ్రూనో, నాలుగేళ్ళ లాబ్రడార్. దాని యజమానులు బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య స్కూలు టీచరు.

ముందు వాచ్‌మన్, తర్వాతే యజమాని

పని మీ బ్లాకులోనో, నడిచి పది నిమిషాల్లో చేరే బ్లాకులోనో మొదలుపెట్టండి. అంతకన్నా దూరమైతే వెళ్ళిరావడానికి పట్టే సమయం రేటులో కలపాలి, కలిపితే ఎవరూ ఒప్పుకోరు. కొత్త బ్లాకులో మొదట పలకరించాల్సింది వాచ్‌మన్‌ని. ఏ ఫ్లాట్‌లో కుక్క పగలంతా ఒంటరిగా మొరుగుతోందో, ఎవరికి కుక్కలంటే పడదో, ఏ తాతగారు ఎన్ని గంటలకి లిఫ్టులో దిగుతారో అతనికి తెలిసినంత అసోసియేషన్ సెక్రటరీకి కూడా తెలియదు. రిజిస్టరులో వచ్చిన టైము, వెళ్ళిన టైము రోజూ మీ చేత్తో రాయండి. రేపు ఏదైనా మాటొస్తే ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

అసోసియేషన్ వాళ్ళు "కుక్కని లిఫ్టులో ఎక్కించకూడదు" అంటే వాదనకి దిగే పని మీది కాదు, యజమానిది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెంపుడు కుక్కల్ని నిషేధించడం, లిఫ్టు వాడనివ్వకపోవడం, అదనంగా డబ్బు వసూలు చేయడం కూడదని ఉంది. ఆ సంగతి యజమాని చెవిన వేసి ఊరుకోండి. బయట తాడు కట్టి నడిపించడం, కుక్క చేసిన మలం ఎత్తేయడం కూడా ఆ కాగితంలో ఉన్న మాటలే, ఆ రెండూ మీ వంతు.

కార్తీకంలో ఇంకో జాగ్రత్త ఉంది. తెల్లవారుజామున తలస్నానం చేసి, దీపాల పళ్ళెం పట్టుకుని గుడికి బయల్దేరే ఆడవాళ్ళు లిఫ్టు దగ్గర నిలబడి ఉంటారు. ఆ సమయంలో తడి ముక్కు వాళ్ళ చీరకి తగిలిందంటే, కుక్క ఎంత మంచిదైనా మీ పని ఆ బ్లాకులో ముగిసినట్టే. మెట్లమీద దిగండి, లేదా లిఫ్టు ఖాళీ అయ్యేదాకా ఆగండి. ఎక్కాక కుక్క మూలలో, మీరు దానికీ మనుషులకీ మధ్యలో, తాడు ఒక మూరకి కుదించి.

మొదటిసారి ఇంటికెళ్ళినప్పుడు

ఆ రోజు కుక్కని బయటికి తీసుకెళ్ళకండి. వెళ్ళి కూర్చోండి, చేయి చాపకండి, కళ్ళలోకి చూడకండి. అదే వచ్చి వాసన చూస్తుంది. చూసి పక్కన పడుకుంటే సగం పని అయినట్టే. ఒళ్ళు బిగుసుకుని, కదలకుండా నిలబడి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తోందంటే తోక ఊపుతున్నా నమ్మకండి. తోక ఊపడం ఉద్రేకానికి గుర్తే గాని ప్రతిసారీ స్నేహానికి కాదు.

"ఎప్పుడైనా కరిచిందా?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు: "అయ్యో, మావాడు ఎవర్నీ ఏమీ అనడండి." అబద్ధం చెప్పాలని కాదు, సొంత పిల్లాడిలా పెంచుకున్నారు కాబట్టి అలా కనబడుతుంది. కాబట్టి ఆ ప్రశ్న వదిలేసి ఇవి అడగండి. అన్నం తింటుంటే గిన్నె దగ్గరికి ఎవరైనా వెళ్తే ఏం చేస్తాడు? స్నానం చేయించేది ఎవరు, వేరేవాళ్ళు చేయిస్తే ఊరుకుంటాడా? పశువుల డాక్టరు దగ్గర మూతికట్టు కట్టాల్సి వచ్చిందా? నోట్లో ఎముక ఉంటే ఎవరు తీయగలరు? బ్రూనో విషయంలో మొదటి మూడింటికీ మంచి జవాబులే వచ్చాయి. నాలుగోదానికి మాత్రం టీచరుగారు నవ్వి, "నోట్లో పడిందంటే వాళ్ళ డాడీకి కూడా ఇవ్వడు బాబూ" అన్నారు. ఆ అబ్బాయి ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. పలావు సెంటర్లున్న వైపు బ్రూనోని ఇప్పటికీ తీసుకెళ్ళడు.

తర్వాత వ్యాక్సిన్ కార్డు చూపించమనండి. సిగ్గుపడాల్సింది లేదు, కార్డు చూడకుండా తాడు పట్టుకునే మనిషినే యజమాని అనుమానించాలి. కుక్కపిల్లకి మూడు నెలలప్పుడు మొదలయ్యే రేబిస్ టీకా ఏటా పడాలి. కార్డులో డాక్టరు సంతకం, టీకా సీసా మీది స్టిక్కరు, మళ్ళీ వేయించాల్సిన తేదీ ఉంటాయి. ఆ తేదీ దాటిపోయి ఉంటే టీకా వేయించాకే మొదలుపెడదామని చెప్పండి. రెండోది సెవెన్ ఇన్ వన్ లేదా నైన్ ఇన్ వన్ అనే టీకా. మన డెల్టాలో దాని అవసరం ఎక్కువ, ఎందుకంటే అందులో లెప్టోస్పైరోసిస్‌కి రక్షణ కూడా కలిసి ఉంటుంది. ఎలకల మూత్రం కలిసిన నీళ్ళవల్ల వచ్చే జబ్బు అది, కుక్కలకీ వస్తుంది, మనకీ వస్తుంది. వరి చేల ఎలకలు, వానకి నిండిన డ్రెయిన్లు, రోడ్డు మీద నిలిచిన మురుగు ఉన్న ఊళ్ళో కుక్క ప్రతి గుంటలోనూ మూతి పెడుతుంది. టీకా ఉన్నా ఆ నీళ్ళు తాగనివ్వకండి. మీ కాలికి పుండు గాని కోత గాని ఉంటే ఆ నీళ్ళలో దిగకండి.

మీ సంగతి కూడా ఆలోచించుకోండి. రోజూ కుక్కలతో మెలిగేవాళ్ళు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవచ్చు, డాక్టర్ని అడగండి. పన్ను దిగినా, గోరు గీరుకున్నా వెంటనే సబ్బు రాసి, ధారగా పడే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. "మన బ్రూనోయే కదా" అని ఇంట్లో కూర్చోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

నడక

మొదటి రెండు నడకలకీ యజమానిని వెంట రమ్మనండి, తాడు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. మూడోదానికి తాడు మీ చేతిలో, వాళ్ళు పది అడుగుల వెనక. ఈ మూడింటికీ సగం డబ్బే తీసుకోవడం న్యాయం. పూర్తిగా ఉచితమంటే మాత్రం ఆ ఉచితమే అలవాటైపోతుంది.

బయల్దేరేముందు ఇంట్లోనే చూడాల్సిందొకటుంది. మెడకి బెల్టు వేసి, కుక్క ఎదురుగా నిలబడి మెల్లగా మీవైపు లాగండి. బెల్టు చెవులమీదుగా జారి వచ్చేస్తే రోడ్డు మీద కూడా జారుతుంది. పటాసు పేలినప్పుడు కుక్క వెనక్కి గుంజుకునేది సరిగ్గా ఇలాగే. రెండు వేళ్ళు పట్టేంత బిగువు ఉండాలి. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ అయితే ఇంకా మంచిది. బటన్ నొక్కితే పొడుగయ్యే తాడు నాకు నచ్చదు. ఆరు గజాల దూరంలో ఉన్న కుక్కని స్కూటర్ వచ్చే లోపు దగ్గరికి లాక్కోలేం. బారెడు పొడవున్న మామూలు తాడు చాలు.

ఇక వీధి కుక్కలు. ప్రతి మలుపుకీ ఒక గుంపు ఉంటుంది, ఆ గుంపుకి ఒక హద్దు ఉంటుంది. మొదటి వారం మీరు ఒంటరిగా ఆ దారుల్లో నడిచి, ఏ గుంపు ఎక్కడిదాకా వస్తుందో చూసుకోండి. కుక్కతో వెళ్ళినప్పుడు హద్దు ముందే వెనక్కి తిరగండి. అవి ఎదురొస్తే పరుగెత్తకండి, రాయికోసం వంగకండి. తాడు కుదించి, మీ కుక్కని మీ వెనక్కి తిప్పి, పక్కకి నడుచుకుంటూ బయటపడండి. చిన్న కుక్కని చంకలోకి ఎత్తుకుంటే వీధి కుక్క మీ మీదకే ఎగురుతుంది, అందుకని గోడవైపు తిరిగి నిలబడటం మేలు.

వేళలు మన ఎండకి తగ్గట్టు పెట్టుకోవాలి. కార్తీకంలో ఏ వేళైనా పరవాలేదు గాని ఫిబ్రవరి దాటాక పొద్దున్న ఆరున్నరలోపు, సాయంత్రం పొద్దు గుంకాక. రోహిణి కార్తెలో మరీను. సిమెంటు రోడ్డు మీద చేతి వెనక వైపు ఆనించి ఏడు లెక్కపెట్టండి. ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ, నాలుక మీది తేమ ఆరినప్పుడే దాని ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం గాలికి తేమెక్కి ఉండే మన ఊళ్ళలో ఆ తేమ తొందరగా ఆరదు. రాయలసీమలో అదే ఎండకి తట్టుకునే కుక్క ఇక్కడ తట్టుకోలేకపోవచ్చు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, షిట్జు జాతులకి ఇంకా కష్టం. నాలుక బాగా ఎర్రబారి, చొంగ తీగలా సాగుతూ, కాళ్ళు తడబడుతుంటే అక్కడే నీడలోకి తెచ్చి కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోయండి, గాలి తగలనివ్వండి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంటికి తెచ్చాక పాదాలు తుడిచి, వేళ్ళ సందుల్లో, చెవుల లోపల, బెల్టు కింద పిడుదులున్నాయేమో వేళ్ళతో తడిమి చూడండి. పిడుదు జ్వరం చాలాసార్లు ఆకలి తగ్గడంతో మొదలవుతుంది. చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా వెంటనే చెప్పాలి.

తర్వాత యజమానికి ఒక మెసేజ్. మా ఎదురు బ్లాకు అబ్బాయి పంపేది ఇలా ఉంటుంది: "ఆంటీ, 6:10కి దిగాం, 6:42కి వచ్చాం. రెండూ అయ్యాయి, మలం కొంచెం పలచగా ఉంది. నీళ్ళు తాగాడు. తలుపు వేశాను." దీనికి గేటు దగ్గర తీసిన ఒక ఫొటో జత. అంతే. హృదయం గుర్తులు, "సో క్యూట్" అవసరం లేదు. ఆ "మలం పలచగా ఉంది" అన్న ముక్కే నమ్మకాన్ని పెంచేది. ఆఫీసులో కూర్చున్న మనిషి ఆ మాట చూసి రాత్రి పెరుగన్నంతో సరిపెడతాడు. అన్నీ బాగున్నాయని రోజూ రాసేవాడు ఒకరోజు నిజంగా బాగాలేనిది దాచిపెడతాడేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. కోడి ఎముక మింగినా, తాడు చేజారినా, వేరే కుక్క గీరినా ఇంటికి చేరకముందే ఫోన్ చేసి చెప్పాలి. సీసీ కెమెరాలో చూసి వాళ్ళు అడిగేదాకా ఆగకూడదు.

రేటు కట్టడం

చాలామంది కుక్క జాతిని చూసి రేటు చెబుతారు. పమేరియన్‌కి తక్కువ, హస్కీకి ఎక్కువ. నాకిది సరైన పద్ధతి అనిపించదు. ముప్ఫై వేల కుక్కని తిప్పినా, వీధిలోంచి తెచ్చి పెంచిన నాటు కుక్కని తిప్పినా పోయేది మీ సమయమే. సమయానికే ధర కట్టండి.

బ్రూనోది లెక్క వేద్దాం. నడక అరగంట. పైకెళ్ళి హార్నెస్ తొడిగి దించడానికి ఐదు నిమిషాలు, వచ్చాక పాదాలు తుడిచి నీళ్ళు పెట్టడానికి ఐదు, మెసేజ్ పంపి వాచ్‌మన్ దగ్గర సంతకం పెట్టి బయటపడటానికి ఇంకో ఐదు. మొత్తం ముప్పావుగంట. గంటకి 120 రూపాయలు అనుకుంటే 90 అవుతుంది. కవర్లు, టిష్యూలు కలిపి పూటకి 100. నెలలో ఆదివారాలు వాళ్ళే తిప్పుకుంటారు, మిగిలింది 26 రోజులు. ఒక పూటైతే 2,600, రెండు పూటలైతే 5,200. రెండు పూటలూ ఒకే ఇల్లు, నెలంతా ఖాయం, కాబట్టి ఐదొందలు తగ్గించి 4,700. గంటకి 120 అన్నది అతని ఊరు, అతని వయసు, అతని తీరిక చూసుకుని పెట్టుకున్న అంకె. మీది వేరే అవ్వచ్చు. ఆ గంటలో ట్యూషన్ చెబితే మీకెంత వస్తుందో అదే మీ కొలత.

బేరం తప్పదు. అక్కడ జరిగింది ఇది.

"ఏంటి బాబూ, నాలుగువేల ఏడొందలా? ఇల్లంతా ఊడ్చి తుడిచే ఆవిడకే రెండు వేలిస్తున్నాం."

"నిజమేనండి ఆంటీ. నాకు రోజుకి గంటన్నర పడుతుందండి. ఒక పూటే చేద్దామంటే రెండువేల ఆరొందలకి సరిపోతుందండి."

"మరి సాయంత్రం ఎవరు తిప్పుతారు?"

"అది కాకపోతే పొద్దున్న అరగంట, సాయంత్రం ఊరికే కిందకి దించి పది నిమిషాల్లో తెచ్చేస్తానండి. అలాగైతే నాలుగు వేలు ఇవ్వండి."

"ఆయ్, అలాగే కానీ."

ఇందులో గమనించాల్సింది, అతను గంట ధర తగ్గించలేదు, పని తగ్గించాడు. నడక అరగంట అలాగే ఉంచి ధర మాత్రం తగ్గిస్తే, పక్క ఫ్లాట్ వాళ్ళూ ఆ తగ్గిన ధరే అడుగుతారు. అపార్ట్‌మెంట్లో ఏ ధరా రహస్యంగా ఉండదు. అందరికీ ఒకటే లెక్క చెప్పగలగాలి. ఒకే ఇంట్లో రెండో కుక్క ఉంటే సగం కలపండి. వేర్వేరు ఇళ్ళ కుక్కల్ని ఒకేసారి తిప్పి డబ్బులు రెట్టింపు చేసుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు. ఒకటి బెదిరిందంటే రెండో తాడు ఏ చేత్తో పట్టుకుంటారు?

యజమాని నడక వద్దన్న రోజులకి ఏమిటన్నది మొదటిరోజే తేల్చుకోండి. వాళ్ళు ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు చెబితే ఆ పూట డబ్బు లేదు, పొద్దున్న ఆరింటికి చెబితే సగం. మీరు రాలేకపోతే పూర్తిగా తగ్గించుకోవాలి.

సంక్రాంతి కాగితం

డిసెంబరు చివరికి తాళం మాట వాళ్ళే ఎత్తుతారు. అప్పుడు ధర ఇలా కట్టండి. భోగి ముందు రోజు సాయంత్రం వాళ్ళు బయల్దేరతారు, ముక్కనుమ మర్నాడు మధ్యాహ్నానికి వస్తారు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ నాలుగు రోజులూ రోజుకి మూడుసార్లు, అంటే పన్నెండు. వెళ్ళే సాయంత్రం ఒకటి, వచ్చే పొద్దున్న ఒకటి, మొత్తం పద్నాలుగు. నడక, తిండి, కాసేపు పక్కన కూర్చోవడం కలిపి ఒక్కోటి గంట. పండగ పూట మీరు మీ ఇంట్లో అరిసెలు వదిలి వస్తున్నారు, కాబట్టి గంటకి ఒకటిన్నర రెట్లు, 180. పద్నాలుగు గంటలకి 2,520. రాత్రి ఒంటరిగా ఉంటే ఏడ్చే కుక్కయితే అక్కడే పడుకోవాలి. రాత్రికి 400 చొప్పున ఐదు రాత్రులకి 2,000. రెండూ కలిపితే 4,520. సగం ముందు, సగం వాళ్ళు వచ్చాక. ధర విని యజమాని వెనకాడితే రాత్రులు తీసేయండి, పగటివి తీయకండి.

ఆ తర్వాత ఒక కాగితం. స్టాంపు పేపరేమీ అక్కర్లేదు, తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలు చాలు. పూటకి ఎంత తిండి, ఏ గ్లాసుతో కొలవాలి, మందులేమైనా ఉన్నాయా, డాక్టరు నంబరు, ఆ డాక్టరు పండక్కి ఊరెళ్తే రెండో డాక్టరు ఎవరు. ఈ ఆఖరి మాట ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కనుమ రోజున క్లినిక్ షట్టరు ముందు నిలబడి కనుక్కోవడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఒకటి రాయించండి: ఫోన్ దొరక్కపోతే ఎంతదాకా ఖర్చు పెట్టి వైద్యం చేయించవచ్చు. లంక ఊళ్ళలో, పందేల బరుల దగ్గర జనంలో సిగ్నల్ దొరకదు, దొరికినా మోతలో వినబడదు. బ్రూనో వాళ్ళు మూడువేలు ఒక కవరులో విడిగా పెట్టి ఇచ్చారు. అది మీ డబ్బు కాదు, దాని జోలికి పోకండి.

తాళం తీసుకునేటప్పుడు యజమాని పక్కనుండగానే ఇల్లంతా ఫోన్లో వీడియో తీయండి. గ్యాస్ కట్టేసి ఉంది, బీరువా ఉన్న గది తాళం వేసి ఉంది, టీవీ తెర మీద గీతల్లేవు. వీడియో వాళ్ళకి అప్పుడే పంపించండి. మీ ఆధార్ జిరాక్సు వాళ్ళడక్కముందే ఇవ్వండి. కెమెరా పెట్టుకుంటామంటే మంచిదే అనండి. తాళంచెవికి ఫ్లాట్ నంబరు రాసిన బిళ్ళ తగిలించకండి. రెండో తాళం పక్కింట్లో ఉండాలి, మీది పోతే కుక్క లోపల ఇరుక్కుపోకుండా. "మేం వాళ్ళ చుట్టాలమే బాబూ, సామాను పెట్టి వెళ్తాం" అని ఎవరొచ్చినా యజమానితో ఫోన్లో మాట్లాడించాకే తలుపు తీయండి.

ఆ నాలుగు రోజులు

భోగి తెల్లవారుజామున వీధిలో మంటలు, టైర్ల పొగ, పిల్లల కేకలు ఉంటాయి. ఆ పూట మంటలు ఆరిపోయాక ఏడింటి తర్వాతే దించండి. పటాసులు కాలుస్తున్నప్పుడు లోపలి గదిలో, ఫ్యాను వేసి, టీవీ కాస్త శబ్దంగా పెట్టి ఉంచండి. మంచం కిందకి దూరితే లాగకండి, అక్కడే ఉండనివ్వండి. పండగ తర్వాత కూడా మావుళ్ళమ్మ ఉత్సవాల సందడి ఉంటుంది కాబట్టి హార్నెస్ బిగువు రోజూ చూసుకోవాలి.

ఎక్కువ ప్రమాదం ప్రేమవల్ల వస్తుంది. పక్క ఫ్లాట్ల వాళ్ళు "పాపం, ఒక్కడే ఉన్నాడు" అని పళ్ళెం తెస్తారు. అందులో ఎండుద్రాక్ష వేసిన పాయసం, డ్రైఫ్రూట్ పూతరేకులు, ఉల్లిపాయ మసాలా ఉన్న కోడికూర ఉంటాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి, ఎంత తింటే ముప్పు అన్నది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి. ఉడికిన కోడి ఎముక చీలి గుచ్చుకుంటుంది. పళ్ళెం తీసుకుని, "డాక్టరుగారు పథ్యం చెప్పారండి, నేను తింటాను" అనండి. అబద్ధమే, కానీ ఎవరి మనసూ నొచ్చుకోదు. ఇప్పటికే తినేసిందని తెలిస్తే లక్షణాలకోసం ఎదురుచూడకుండా డాక్టరుకి వెంటనే ఫోన్ చేయండి. మొదటి రెండు గంటల్లో అయితే వాంతి చేయించే వీలుంటుంది. ఉప్పునీళ్ళు తాగించడం లాంటి ఇంటి వైద్యం చేయకండి.

మొదటి రోజు యజమాని కనబడక ఒక పూట తినకపోవడం మామూలే. బ్రూనో భోగి పొద్దున్న గిన్నె ముట్టుకోలేదు. ఆ అబ్బాయి కంగారుపడి బిస్కెట్లు పెట్టలేదు, అరగంట ఉంచి గిన్నె తీసేశాడు. నడకలో హుషారుగానే ఉన్నాడని మెసేజ్ పెట్టాడు. మధ్యాహ్నం సగం తిన్నాడు, రాత్రికి పూర్తిగా తిన్నాడు. అదే ఒక రోజంతా తినకుండా మూలనే పడుకుని ఉంటే, లేక రెండుసార్లకి మించి వాంతి అయితే, మలంలో రక్తం కనబడితే మాత్రం మర్నాటిదాకా ఆగకూడదు. ముందు యజమానికి ఫోన్, ఎత్తకపోతే మెసేజ్, ఆపైన పదిహేను నిమిషాల్లో డాక్టరు దగ్గరికి బయల్దేరడం. ఆ కాగితం ఉంది కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదు.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు కుక్క అటు పరిగెత్తుకెళ్తుంది, మిమ్మల్ని పట్టించుకోదు. అప్పుడే తాళం ఇచ్చేయండి, "మీ దగ్గరే ఉంచుకో బాబూ" అన్నా వద్దనండి. మళ్ళీ ఊరెళ్ళినప్పుడు మళ్ళీ తీసుకోవచ్చు. ఖర్చు కాని మూడువేల కవరు తెరవకుండా చేతికివ్వండి. ఖర్చయితే రసీదులు, మిగిలిన చిల్లర లెక్కతో ఇవ్వండి. మిగతా సగం డబ్బు వాళ్ళు సామాను దించుకునే హడావిడిలో మర్చిపోతారు. ఆ రోజు అడగకండి, మర్నాడు పొద్దున్న నడక మెసేజ్ చివర ఒక వాక్యంగా రాయండి. అది వచ్చాక, వాళ్ళ స్నేహితుల్లో కుక్క ఉన్న ఒక్క ఇంటికి మీ గురించి చెప్పమని అడగండి. ఆ ఇంటివాళ్ళని మాత్రం వేసవి సెలవుల ముందే కలవాలి. కార్డు చూడటం, మూడు నడకలు, అన్నీ మళ్ళీ మొదటి నుంచే.